వారపు మెయిల్‌లో పండుగ తేదీ ఒక రోజు ముందే పడుతోందా? పంచాంగాన్ని తప్పుపట్టే ముందు ఇది చూడండి

సమస్య ఎప్పుడూ ఇలాగే మొదలవుతుంది. ఆదివారం పొద్దున మెయిల్ వెళుతుంది. ఆ వారం ఛానల్‌లో పెట్టిన వీడియోల సారాంశం, దాని తర్వాత రాబోయే పండుగలు, వ్రతాల తేదీలు. ఓ గంటలో ఒక పెద్దావిడ నుంచి జవాబు వస్తుంది: "బాబూ, వినాయక చవితి సోమవారం కదా, మీరు ఆదివారం అని రాశారేంటి?" అక్కడి నుంచి ఛానల్ వాట్సాప్ గ్రూపులో చర్చ. ఒకరు ఉదయ తిథి అంటారు, ఒకరు దృక్ సిద్ధాంతం అంటారు, మరొకరు పూర్వ పద్ధతి వేరు అంటారు. రెండు గంటల తర్వాత ఎవరో ఒకరు షీట్ తెరిచి తేదీ మార్చేస్తారు. అసలు తప్పు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పై వారం ఇంకో పండుగ దగ్గర మళ్లీ బయటపడుతుంది.

ఇలాంటి మెయిళ్లు నేను చాలానే సరిచేశాను. గూగుల్ షీట్‌లో వీడియోలకు ఒక ట్యాబ్, పండుగలకు ఒక ట్యాబ్, వారానికోసారి నడిచే చిన్న యాప్స్ స్క్రిప్ట్. దాదాపు అందరి ఏర్పాటూ ఇదే కాబట్టి దాన్నే పట్టుకుని చెబుతాను. షీట్ తెరవడం, స్క్రిప్ట్ నడపడం, ట్రిగ్గర్ పెట్టడం మీకు వచ్చనుకుంటున్నాను.

మొదట చూడాల్సింది: ఆ రోజు ఆ తిథి ఉందా, లేదా?

ఈ ఒక్క పని చేయకుండా చర్చకు దిగేవాళ్లే ఎక్కువ. రెండు నిమిషాల పని. మెయిల్‌లో పడిన తేదీ తీసుకోండి. తిథి ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో ఇచ్చే గంటల పంచాంగం తెరవండి. మెయిల్‌లో పడిన రోజున, భారత కాలమానంలో, ఆ పండుగ తిథి ఒక్క నిమిషమైనా ఉందేమో చూడండి.

ఉంటే అది సంప్రదాయాల మధ్య భేదం కావచ్చు, లెక్క తేడా కావచ్చు, చర్చకు చోటుంది. అసలు తిథి స్పర్శే లేకపోతే, తిథిని బట్టి వచ్చే పండుగను ఏ సంప్రదాయమూ సాధారణంగా ఆ రోజు చెప్పదు. అప్పుడు తప్పు పంచాంగంలో లేదు, మీ స్క్రిప్ట్‌లో ఉంది.

2026 వినాయక చవితినే తీసుకుందాం. సెప్టెంబర్ 14 సోమవారం ఉదయం ఏడు దాటాక చవితి మొదలవుతుంది. 15 మంగళవారం ఉదయం ఏడు దాటాక ముగుస్తుంది. మెయిల్‌లో 15 అని పడితే, ఎవరో సూర్యోదయానికి ఉన్న తిథి చూసి వేశారని అర్థం చేసుకోవచ్చు. తప్పే, కానీ దానికో కారణం ఉంది. 13 అని పడితే? 13 పగలూ రాత్రీ కలిపి వెతికినా చవితి దొరకదు. కాబట్టి ఇక శాస్త్ర చర్చ ఆపి స్క్రిప్ట్ తెరవాలి.

పక్క తేదీల మీద కూడా ఇదే పరీక్ష చేయండి. అదే సంవత్సరం ఉగాది మార్చి 19. మెయిల్‌లో 18 అని వచ్చిందనుకోండి. 18న చతుర్దశి, అమావాస్య తప్ప పాడ్యమి లేదు. వరలక్ష్మీ వ్రతానికైతే పంచాంగం తెరవాల్సిన పని కూడా లేదు, అది శుక్రవారమే. ఒకసారి ఒక ఛానల్ మెయిల్‌లో అది గురువారం అని వెళ్లింది. ఆ ఒక్క మాట చూడగానే నాకు విషయం తెలిసిపోయింది. వాళ్లు మాత్రం అప్పటికి మూడు వారాలుగా పంచాంగాలు మార్చి చూస్తున్నారు.

అసలు దొంగ: అర్ధరాత్రికి, తెల్లవారు అయిదున్నరకు మధ్య

షీట్‌లో ఒక గడిలో తేదీ మాత్రమే, సమయం లేకుండా టైప్ చేస్తే, షీట్ దాన్ని ఆ రోజు అర్ధరాత్రి 12 గంటలుగా దాచుకుంటుంది. 14/09/2026 అంటే మీ షీట్ టైమ్ జోన్‌లో సెప్టెంబర్ 14, 00:00 అన్నమాట. స్క్రిప్ట్ ఆ గడిని `getValues()` తో చదివినప్పుడు దాని చేతికి వచ్చేది "14" అనే అంకె కాదు, ఆ అర్ధరాత్రి క్షణం. ఆ క్షణాన్ని ఏ దేశపు గడియారంతో చూస్తే ఆ దేశపు తేదీ వస్తుంది.

భారత కాలమానం ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. మనకు 14 అర్ధరాత్రి దాటిన క్షణాన యూటీసీలో ఇంకా 13 సాయంత్రం 18:30. స్క్రిప్ట్ రాసినవాళ్లు తేదీ కోసం ఇంటర్నెట్‌లో దొరికిన ఈ వరస వాడి ఉంటారు:

```
const s = d.toISOString().slice(0, 10);
```

`toISOString()` ఎప్పుడూ యూటీసీలోనే రాస్తుంది. మీ టైమ్ జోన్ ఏదైనా అది పట్టించుకోదు. కాబట్టి 14 కాస్తా 13 అవుతుంది. వారం కూడా ఆ 13 నుంచే లెక్కగడితే "ఆదివారం" అని పడుతుంది. తేదీకీ వారానికీ పొంతన చక్కగా కుదురుతుంది కాబట్టి మెయిల్ చదివి సరిచూసేవాళ్లకు అనుమానం రాదు.

ఇంతవరకైతే దీన్ని పట్టుకోవడం తేలికే. అన్ని తేదీలూ ఒక రోజు వెనక్కి జరిగితే ఎవరికైనా తెలుస్తుంది. నన్ను చాలాసార్లు తిప్పలు పెట్టింది దీని రెండో ముఖం: షీట్ వరసలన్నీ తప్పుగా రావు, కొన్నే వస్తాయి.

కారణం చూడండి. పండుగల ట్యాబ్ నింపేవాళ్లు ఒకరే కాదు. ఒకరు తేదీ మాత్రమే వేస్తారు. ఇంకొకరు శ్రద్ధగా తిథి మొదలయ్యే సమయం కూడా అదే గడిలో వేస్తారు. ఉదాహరణకు 14/09/2026 07:10 అని. భారత సమయం ఉదయం 7:10 అంటే యూటీసీలో 01:40. అప్పటికి అక్కడ కూడా తేదీ 14కి మారిపోయింది, కాబట్టి మెయిల్‌లో సరిగ్గా 14 పడుతుంది. అంటే తెల్లవారు 5:30 తర్వాతి సమయం ఉన్న ప్రతి వరసా సరిగ్గా వస్తుంది, సమయం లేని ప్రతి వరసా ఒక రోజు వెనక్కి పోతుంది. తిథి తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మొదలై, ఆ సమయం కూడా వేసి ఉంటే అదీ వెనక్కి పోతుంది.

మెయిల్ చదివేవాళ్లకు కనిపించేదేమిటంటే, ఏకాదశి సరిగ్గా ఉంది, సంకష్టహర చతుర్థి సరిగ్గా ఉంది, వినాయక చవితి ఒక్కటే తేడా. అందుకే ఎవరికీ స్క్రిప్ట్ మీద అనుమానం పోదు. మన పండుగల విషయంలో ఒక రోజు తేడా కొత్తేమీ కాదు, ఏటా ఏదో ఒక పండుగకు రెండు తేదీలు వింటూనే ఉంటాం. తప్పుకు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు దొరకదు.

ఒక ఛానల్‌లో నేను చూసిన వరుసక్రమం ఇక్కడ పూర్తిగా చెప్పాలి. ఎందుకంటే తప్పును సరిచేయబోయి ఇంకా చిక్కు చేసుకునే దారి అందరిదీ ఒకటే. అక్కడ మొదట ఇద్దరు ముగ్గురు "ఒక రోజు తక్కువ వస్తోంది" అన్నారు. స్క్రిప్ట్ చూసుకునే అబ్బాయి దానికి ఒక రోజు కలిపే వరస జోడించాడు. సమయం లేని వరసలన్నీ సరిపోయాయి. సమయం ఉన్న వరసలు ఇప్పుడు ఒక రోజు ముందుకు పోయాయి. ఆ వరసల విషయంలో ఫిర్యాదు వస్తే, పండుగలు చూసుకునే అమ్మాయి షీట్‌లోనే ఒక రోజు తగ్గించి రాసింది. ఆరు నెలలకు షీట్‌లో సగం తేదీలు నిజమైనవి, సగం కావాలని తప్పుగా వేసినవి. ఏది ఏదో ఎవరికీ తెలియదు. చివరికి షీట్ మొత్తం పక్కనపెట్టి, పంచాంగం ముందేసుకుని మొదటి నుంచీ ఎక్కించాల్సి వచ్చింది.

ఆ "ఒక రోజు కలపడం" వినాయక చవితి దగ్గర ఎలా మోసం చేస్తుందో చూడండి. 14/09/2026 07:10 అని ఉన్న వరసకు ఒక రోజు కలిస్తే 15 వస్తుంది. 15 సూర్యోదయానికి నిజంగానే చవితి ఉంది. "ఉదయ తిథి ప్రకారం సరే కదా" అని ఎవరో ఒకరు సర్దిచెబుతారు, తప్పు తేదీ ప్రమాణం దొరికినట్టు నిలబడిపోతుంది. అందుకే చేతులెత్తి మొక్కి చెబుతున్నాను, ఒక రోజు కలపడం, తీసేయడం అనే పని స్క్రిప్ట్‌లో ఎక్కడా చేయకండి.

ఇదే కారణమని రూఢి చేసుకోవడం

స్క్రిప్ట్‌లో తేదీ చదివిన వెంటనే, ఇంకేమీ చేయకముందు, ఉన్నదున్నట్టు లాగ్‌లో రాయించండి:

```
Logger.log(d.toISOString());
```

లాగ్‌లో `2026-09-13T18:30:00.000Z` అని కనిపిస్తే దొంగ దొరికినట్టే. ఆ 18:30 గుర్తుపెట్టుకోండి. భారత అర్ధరాత్రిని యూటీసీలో చూస్తే ఎప్పుడైనా అదే అంకె. అది కనిపించినంత మాత్రాన షీట్‌లో తప్పున్నట్టు కాదు. గడిలో ఉన్నది సరైన తేదీయే, దాన్ని అచ్చువేసే చోట యూటీసీ వాడుతున్నారు అని అర్థం.

తేదీ మాత్రమే వేసిన గడికి 18:30 కాకుండా వేరే అంకె వస్తే షీట్ టైమ్ జోన్ వేరే దేశానిది. ఉదాహరణకు సెప్టెంబర్ తేదీకి 04:00 వస్తే షీట్ న్యూయార్క్ సమయంలో ఉంది. విదేశంలో ఉన్న బంధువులో, అక్కడి సేవకులో షీట్ తయారుచేసి మనకు పంచినప్పుడు ఇలా జరుగుతుంది. షీట్‌కు ఒక టైమ్ జోన్, స్క్రిప్ట్‌కు ఇంకో టైమ్ జోన్ విడివిడిగా ఉంటాయని చాలామందికి తెలియదు. షీట్‌ది `File > Settings` లో ఉంటుంది. స్క్రిప్ట్‌ది ఎడిటర్‌లో `Project Settings` లో ఉంటుంది. ఒకటి మార్చితే రెండోది దానంతట అది మారదు.

సరిచేయడం

ముందు రెండు టైమ్ జోన్లూ భారత సమయానికి పెట్టండి. స్క్రిప్ట్ వైపు `appsscript.json` ఫైల్ తెరిస్తే ఈ వరస కనిపించాలి:

```
"timeZone": "Asia/Kolkata"
```

ఇది చేసినా `toISOString()` దారి మార్చుకోదు. తేదీ రాసే ప్రతి చోటా దాన్ని తీసేసి, టైమ్ జోన్‌ను పేరు పెట్టి చెప్పే ఫంక్షన్ ఒకటి పెట్టండి:

```
function tedi(d) {
  return Utilities.formatDate(d, "Asia/Kolkata", "yyyy-MM-dd");
}
```

మెయిల్‌లో ఎక్కడ తేదీ కావాలన్నా ఈ ఒక్క ఫంక్షన్ నుంచే రావాలి. సబ్జెక్ట్ లైన్‌కు ఒకటి, లోపల జాబితాకు ఒకటి, వారం పేరుకు ఇంకొకటి అని వేర్వేరుగా రాస్తే ఏదో ఒకటి మళ్లీ పాత దారి పడుతుంది.

షీట్‌లో తేదీ, తిథి సమయం ఒకే గడిలో ఉంచవద్దు. తేదీకి ఒక నిలువు వరస, తిథి మొదలయ్యే సమయానికి ఒకటి, ముగిసే సమయానికి ఇంకొకటి పెట్టండి. పాత గడుల్లో సమయాలు దాగి ఉన్నాయేమో చూడటానికి ఆ నిలువు వరస మొత్తానికి `Format > Number > Date time` పెట్టండి. గడిలో తేదీ మాత్రమే కనిపిస్తున్నా వెనక సమయం ఉంటే అప్పుడు బయటపడుతుంది. అంతకుముందు ఎవరైనా ఒక రోజు కలిపిన వరస స్క్రిప్ట్‌లో ఉందేమో వెతికి తీసేయండి. దాన్ని తీసేశాకే షీట్‌లోని తేదీలు పంచాంగంతో ఒక్కొక్కటీ సరిచూడండి. ఈ క్రమం తిరగబడితే మళ్లీ మొదటికే వస్తారు.

ఇదే జబ్బుకు ఇంకో లక్షణం ఉంది: పండుగ రోజునే మెయిల్ వెళితే ఆ పండుగ జాబితాలోంచి మాయమవుతుంది. ఆదివారం దీపావళి, ఆదివారం పొద్దున 6 గంటలకు మెయిల్. స్క్రిప్ట్ "ఇప్పటికంటే తర్వాతవి మాత్రమే తీసుకో" అంటుంది. దీపావళి గడిలో ఉన్నది అర్ధరాత్రి 12, ఇప్పుడు సమయం 6. కాబట్టి దీపావళి అయిపోయిందనుకుంటుంది. 2026లో దీపావళి నవంబర్ 8, ఆదివారమే. మీ మెయిల్ ఆదివారం వెళ్లేదైతే ఇప్పుడే సరిచేసుకోండి. పోల్చేటప్పుడు క్షణాలను కాకుండా `tedi()` ఇచ్చిన అక్షరాలను పోల్చండి. సంవత్సరం, నెల, రోజు అనే క్రమంలో రాసిన తేదీలు అక్షరాలుగా పోల్చినా సరైన వరుసలోనే వస్తాయి.

```
const today = tedi(new Date());
const keep = rows.slice(1).filter(r => tedi(r[0]) >= today);
```

ఆఖరుగా ఒక కాపలా వరస. పండుగల ట్యాబ్‌లో శీర్షికల కింద మొదటి వరసలో జనవరి 26 వేయండి. ఆ తేదీ ఏ పంచాంగంతోనూ మారదు, దాని మీద భిన్నాభిప్రాయం లేదు. మెయిల్ పంపే ముందు స్క్రిప్ట్ ముందుగా దాన్ని చదివి చూసుకోవాలి. శీర్షికలు కూడా కలిపి చదివితే అది `rows[1]` అవుతుంది:

```
if (tedi(rows[1][0]) !== "2026-01-26")
  throw new Error("టైమ్ జోన్ తప్పు, మెయిల్ ఆపాను");
```

ఆ గడిలో సమయం అసలు వేయకూడదు. ఉదయం 9 అని వేశారంటే పైన చెప్పిన కారణంగా తప్పున్నప్పుడు కూడా 26 అనే చెబుతుంది, కాపలా పనికిరాదు. అలాగే ఆ వరస మెయిల్‌లోకి వెళ్లకుండా జాబితా దాని తర్వాతి నుంచి మొదలుపెట్టండి, అంటే పైన `rows.slice(1)` బదులు `rows.slice(2)` రాయండి. ట్రిగ్గర్ సెట్టింగ్స్‌లో `Notify me immediately` ఎంచుకోండి, మెయిల్ ఆగిపోతే మీకు వెంటనే తెలుస్తుంది. తప్పు తేదీతో వెళ్లిన మెయిల్‌ను వెనక్కి తీసుకోలేం. ఓ గంట ఆలస్యంగా వెళ్లిన మెయిల్ వల్ల మాత్రం ఎవరి వ్రతమూ చెడదు.

తిథి స్పర్శ ఉండి కూడా తేదీ తేడా వస్తే

ఇది నిజంగా పంచాంగం వైపు విషయం. ఇక్కడ ఎక్కువగా కనిపించే కారణం ఒకటే: షీట్ నింపినవాళ్లు ప్రతి పండుగకూ సూర్యోదయ తిథి చూశారు. రోజువారీ సంకల్పానికి అది సరే. కానీ పండుగకు ఏ వేళ తిథి ఉండాలన్నది పండుగను బట్టి మారుతుంది. వినాయక చవితికి, శ్రీరామనవమికి మధ్యాహ్నం చూస్తారు. దీపావళికి ప్రదోష వేళ అమావాస్య ఉండాలి. శివరాత్రికి అర్ధరాత్రి చతుర్దశి ఉండాలి.

2026లో ఈ తేడా చాలా స్పష్టంగా కనిపిస్తుంది. శివరాత్రికి చతుర్దశి ఫిబ్రవరి 15 సాయంత్రం మొదలై 16 సాయంత్రం దాకా ఉంది. సూర్యోదయం చూస్తే 16, అర్ధరాత్రి చూస్తే 15. శివరాత్రి 15. దీపావళి అమావాస్య నవంబర్ 8 పగలు మొదలై 9 మధ్యాహ్నానికి ముగుస్తుంది. సూర్యోదయం చూస్తే 9, ప్రదోషం చూస్తే 8. దీపావళి 8. వినాయక చవితి సంగతి పైన చూశాం. ఒకే ఏడాదిలో మూడు పెద్ద పండుగల దగ్గర సూర్యోదయ తిథిని పట్టుకుంటే ఒక రోజు తప్పు. ఉగాది ఇంకా విచిత్రం. మార్చి 19 సూర్యోదయానికి ఇంకా అమావాస్యే ఉంది. కాసేపటికి పాడ్యమి మొదలై, 20 సూర్యోదయం కాకముందే ముగిసిపోయింది. ఏ సూర్యోదయానికీ పాడ్యమి లేదు. సూర్యోదయ తిథిని బట్టి తేదీ తీసే ప్రోగ్రామ్ ఏదైనా ఉంటే దానికి ఆ ఏడాది ఉగాదే దొరకదు.

కాబట్టి తిథి నుంచి పండుగ తేదీని స్క్రిప్ట్‌తో లెక్కగట్టించకండి. మీ ఛానల్ అనుసరించే పంచాంగం ఒకటి నిర్ణయించుకుని, అందులో పండుగగా ఇచ్చిన తేదీనే చేత్తో ఎక్కించండి. ఆ పంచాంగం పేరు మెయిల్ అడుగున ప్రతి వారం రాయండి. నిజంగా రెండు తేదీలున్న పండుగ వస్తే రెండూ ఇవ్వండి. 2026 శ్రీరామనవమికి నవమి మార్చి 26 మధ్యాహ్నానికి కాస్త ముందు మొదలై 27 ఉదయం పది దాకా ఉంది. అలాంటప్పుడు ఒక్కటే వేసి ఊరుకుంటే సగంమంది మీరు తప్పు చేశారనుకుంటారు. రెండు తేదీలూ వేసి, ఏది ఎవరు పాటిస్తారో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

విదేశాల్లో ఉన్న చందాదారుల దగ్గర ఒక జాగ్రత్త. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే, గడియారాలే వేరు. సెప్టెంబర్ 14 ఉదయం ఏడు దాటాక మనకు చవితి మొదలవుతుంటే న్యూయార్క్‌లో అది 13 రాత్రి తొమ్మిదిన్నర ప్రాంతం. అక్కడివారు తమ పంచాంగంలో "13న చవితి ప్రారంభం" చూసి, మీరు పొరపాటున పంపిన 13ను సరైందే అనవచ్చు. ఆ మాటకు ఊరట చెంది తప్పును వదిలేయకండి. పూజ మధ్యాహ్న చవితికి, అది న్యూయార్క్‌లో కూడా 14నే. మెయిల్‌లో తేదీల పైన "భారత కాలమానం ప్రకారం" అని రాసి, ఏకాదశి లాంటి వాటికి స్థానిక పంచాంగం చూసుకోమని చెప్పండి.

తెల్లవారుజాము వీడియోలు ముందు వారంలో పడుతున్నాయి

ఇదీ ఆ అయిదున్నర గంటల పనే. భక్తి ఛానల్ కాబట్టి సుప్రభాతాలు, స్తోత్రాలు తెల్లవారు నాలుగు నాలుగున్నరకు పెడతారు. యూట్యూబ్ తన ఏపీఐలో వీడియో సమయాన్ని యూటీసీలో ఇస్తుంది. ఆదివారం తెల్లవారు 4:30కి పెట్టిన వీడియోకు అక్కడ శనివారం 23:00 అని ఉంటుంది. ఆ అక్షరాల్లో మొదటి పది తీసి వారం లెక్కగడితే ఆ వీడియో ముందు వారానికి పోతుంది. ముందు వారం మెయిల్‌కు వీడియోల జాబితా 4:30కి ముందే తయారై ఉంటే, అది ఏ వారంలోనూ రాదు. ఏ మెయిల్‌లోనూ కనిపించని వీడియోలుంటే వాటి సమయాలు చూడండి, అన్నీ తెల్లవారు 5:30కి లోపువే అయితే కారణం ఇదే. మందు కూడా పైన చెప్పిందే: ఆ సమయాన్ని `new Date(...)` లో పెట్టి `tedi()` ద్వారా తేదీ తీయండి.

వీడియోలను ఛానల్ ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ నుంచి తీసుకుంటున్నారా? అందులో చివరి 15 వీడియోలే ఉంటాయి. రోజుకు మూడు పెట్టే ఛానల్‌కు వారానికి 21. ఆరు పోతాయి. రోజూ ఒకసారి ఫీడ్ చదివి కొత్తవాటిని షీట్‌లో చేర్చే ట్రిగ్గర్ పెట్టండి, వారాంతంలో షీట్ నుంచి మెయిల్ తయారుచేయండి.

మిగతావి, అరుదుగా

తేదీ ఒక రోజు కాక నెలలు తేడా వస్తే: 08/11/2026 అని వేసిన దీపావళి ఆగస్టు 11 అయిందంటే షీట్ లొకేల్ అమెరికాది, అది నెలను ముందు చదువుతోంది. `File > Settings` లోనే భారత్‌కు మార్చి, అప్పటికే వేసిన తేదీలు మళ్లీ టైప్ చేయండి. లొకేల్ మార్చినంత మాత్రాన పాతవి సరికావు.

సరిగ్గా ఒక నెల తేడా వస్తే ఎవరో నిరుటి జాబితాకు రోజులు సవరించి వాడారు, అధిక మాసం లెక్కలోకి రాలేదు. 2026లో అధిక జ్యేష్ఠం మే 17 నుంచి జూన్ 15 దాకా. ఆ జాబితా పారేసి కొత్త పంచాంగం నుంచి ఎక్కించండి.

తేదీల భాగమే కనబడటం లేదని ఒకరిద్దరు అంటే మెయిల్ చివర `[Message clipped]` అని ఉందేమో అడగండి. జీమెయిల్ సుమారు 102 కేబీ దాటిన మెయిల్‌ను అక్కడితో కత్తిరించి చూపిస్తుంది. తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ కనీసం మూడు బైట్లు తీసుకుంటాయి కాబట్టి పొడవాటి వీడియో వివరణలు పెడితే ఆ హద్దు తొందరగా వస్తుంది. వీడియోకు రెండు వాక్యాలు చాలు. పండుగల జాబితాను మెయిల్ పైభాగానికి తెండి. మెయిల్ తెరిచేవాళ్లలో పెద్దవాళ్లు మొదట వెతికేది అదే.

తప్పు తేదీ అప్పటికే వెళ్లిపోయి ఉంటే వచ్చే ఆదివారం దాకా ఆగకండి. అదే రోజు "సవరణ: వినాయక చవితి సెప్టెంబర్ 14, సోమవారం" అని సబ్జెక్ట్‌లోనే పూర్తి విషయం పెట్టి చిన్న మెయిల్ పంపండి. లోపల వీడియోలు వద్దు, క్షమాపణ ఒక వాక్యం, సరైన తేదీ, తిథి సమయాలు. పంపే ముందు ఆ మెయిల్‌ను మీకు మీరు పంపుకుని, తేదీనీ వారాన్నీ పంచాంగం పక్కన పెట్టి చూడండి.